«సంపు» టీజర్ డైరీ: 134 సెకన్ల నుంచి 58 సెకన్లకు

సినిమా పేరు «సంపు», నిడివి 16 నిమిషాల 40 సెకన్లు. 2019 ఎండాకాలం, చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు దాదాపు ఎండిపోయిన రోజులు. సాలిగ్రామంలో ఒక పాత అపార్ట్‌మెంటు. లారీ వచ్చి సంపు నింపిపోతుంది, తెల్లారేసరికి నీళ్లు తగ్గి ఉంటాయి. పద్నాలుగేళ్ల అమ్మాయి ఏడడుగుల కర్రకి అడుగడుక్కీ ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీతలు పెట్టి, రోజూ సంపులో ముంచి కొలుస్తుంటుంది. కథ ఇంతే. నీళ్లు ఎవరు తీస్తున్నారో చివరి ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

సరంజామా: DaVinci Resolve ఉచిత వెర్షన్, Audacity, చేతిలో పట్టే చిన్న రికార్డర్, చెవులు మొత్తం కప్పే హెడ్‌ఫోన్, మామూలు ఫోన్ ఒకటి. షూటింగ్ 4కె, సెకనుకు 24 ఫ్రేములు. టీజర్ ఇవ్వాల్సింది 1080పి. రషెస్, అంటే తీసిన ముడి ఫుటేజ్ మొత్తం, 4 గంటల 10 నిమిషాలు.

## 1వ దశ: మొదటి కూర్పు, మొదటి వైఫల్యం

కథ వరసలోనే మంచి షాట్లన్నీ ఏరి పేర్చాం. ఐదుగురు క్లాస్‌మేట్లకి చూపించి ఒక్కటే అడిగాం: «సినిమాలో ఏమవుతుంది?» నలుగురు దొంగ ఎవరో సరిగ్గా చెప్పేశారు. ఐదో ఆయన, చూసేశాక ఇంకా సినిమా ఎందుకన్నట్టు మాట్లాడాడు.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు పెద్ద సినిమా ట్రైలర్ ఎలా నిలబడుతుందో చూడాలి. సాధారణంగా దాని నడక ఇది: మొదటి కొన్ని సెకన్లలో కొక్కెం లాంటి ఒక దృశ్యం. తర్వాత ఆ లోకం, ఆ మనుషులు. ఆ లోకం ఎక్కడో బెసుకుతుంది. అక్కణ్నుంచి ఇబ్బందులు పెరుగుతూ, షాట్లు పొట్టివవుతూ ఒక శిఖరానికి చేరతాయి. ఒక్కసారి ఆగుతుంది. పేరు పడుతుంది. పేరు తర్వాత చిన్న తోక: ఒక డైలాగో, ఒక ఉలికిపాటో. (తోక అంటే గుర్తొచ్చింది: పూర్వం ఈ ముక్కల్ని సినిమా అయ్యాక వేసేవాళ్లు. వెనకాల వచ్చేది కాబట్టే ట్రైలర్ అన్నారు. ముందుకొచ్చినా పేరు మారలేదు.)

ఆ నడకలో దోషం లేదు. దాన్ని పొట్టి సినిమాకి అలాగే తొడగడమే దోషం. రెండున్నర గంటల సినిమాకి రెండున్నర నిమిషాల ట్రైలర్ అంటే సినిమాలో వందో వంతు పైచిలుకు, 1.7 శాతం. మా సినిమా మొత్తం 1000 సెకన్లు. అందులో 134 సెకన్లు బయటపెట్టాం. 13 శాతం పైనే. ఎనిమిది ముద్దల అన్నంలో ఒక ముద్ద రుచి చూపించినట్టన్నమాట. ఆ ముద్దలోనే కూర, పప్పు, పెరుగు అన్నీ కలిపేశాం.

కాబట్టి ట్రైలర్ ఆలోచన మానేశాం. టీజర్‌కి లోకమంతా చూపించే బాధ్యత లేదు. ఒక ప్రశ్న వేసి, జవాబు కోసం మెడ చాచేలా చేస్తే చాలు.

ఇప్పటిదాకా: 2 నిమిషాల 14 సెకన్లు, 61 షాట్లు, సగటు షాట్ 2.2 సెకన్లు.

## 2వ దశ: ఒకే ప్రశ్న, నిషేధ జాబితా

టైమ్‌లైన్ మూసేసి కాగితం మీద చేసిన పని ఇది. దీన్ని దాటేస్తే తర్వాతి దశలన్నీ రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

1. ప్రేక్షకుడి మనసులో మిగలాల్సిన ప్రశ్న ఒక్క వాక్యంలో రాయాలి. మాది: «రాత్రిపూట నీళ్లు ఎటు పోతున్నాయి?»
2. 61 షాట్లకీ నంబర్లేసి ఒక్కోదాని పక్కన గుర్తు పెట్టాలి: ప్రశ్నని పెంచేదైతే «పె», జవాబు చెప్పేదైతే «జ», రెండూ కాకపోతే «ఖా».
3. «జ» ఉన్నవి మొదట తీసేయాలి. «ఖా» ఉన్నవి ఎంత అందంగా ఉన్నా తర్వాత తీసేయాలి.

«జ» 9 వచ్చాయి, «ఖా» 14. మొత్తం 23 పోయాయి. నిజంగా బాధపెట్టింది «ఖా»లే. డాబా మీద సూర్యోదయం, తీసినవాళ్లకి ఎంతో ఇష్టమైన షాట్, వాటిలోనే ఉంది.

ఒక చిక్కు. జవాబు చెప్పే షాట్ ఎప్పుడూ ముఖాన రాసుకుని ఉండదు. అపార్ట్‌మెంటు సెక్రటరీ గేటు దగ్గర జేబులో చెయ్యి పెట్టి నిలబడే షాట్‌కి మొదట «పె» అని పెట్టాం. విడిగా చూస్తే అమాయకమైన షాటే. కానీ సంపు మూత షాట్ వెంటనే అది వచ్చేసరికి, చూసినవాళ్లు ఆ రెంటినీ కలిపేసుకున్నారు. కాబట్టి గుర్తులు పెట్టేటప్పుడు షాట్‌ని దాని పొరుగు షాట్‌తో కలిపి చూడండి. ఆ షాట్‌ని తీసేయలేదు, వాచ్‌మన్ ఖాళీ కుర్చీ పక్కకి మార్చాం. అనుమానం ఇద్దరి మధ్య ఊగడం మొదలైంది.

ఇప్పటిదాకా: 1 నిమిషం 31 సెకన్లు, 38 షాట్లు.

## 3వ దశ: కర్ర మూడు మునకలు

టీజర్‌కి వెన్నెముక కర్రేనని ఇక్కడ తేలింది. కారణం తేలిక: ప్రేక్షకుడు తన కళ్లతో తనే కొలుచుకోగలడు. «నీళ్లు తగ్గిపోతున్నాయి» అని పాత్ర చెబితే వింటాడు. నాలుగో గీత దాకా తడిసిన కర్ర, ఆ తర్వాత రెండో గీత దాకానే తడిసిన కర్ర చూపిస్తే, మూడోసారి ఏమవుతుందో తనే లెక్కేసుకుని భయపడతాడు. మనం చెప్పే పని తప్పుతుంది.

మొదటి ప్రయత్నంలో మూడు మునకలూ సమానంగా పెట్టాం, ఒక్కోటి మూడు షాట్లు, 6 సెకన్లు: మూత తీయడం, కర్ర దిగడం, తడి గీత క్లోజప్. రెండోదానికే చూసేవాళ్లు ఫోన్ వైపు తిరిగారు. తెలిసిన పనిని మళ్లీ పూర్తిగా చూపిస్తే అది కొలత కాదు, నస.

రెండో ప్రయత్నంలో అందరూ చేసేదే చేశాం: 6 సెకన్లు, 4 సెకన్లు, 2 సెకన్లు. రానురాను వేగం. ఇదీ పని చేయలేదు. మూడో మునక భయపడేలోపే అయిపోయింది. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే. వేగం వల్ల హడావిడి వస్తుంది. ఉత్కంఠ మాత్రం ఎదురుచూడటంలో పుడుతుంది, ఎదురుచూపుకి జాగా కావాలి.

మూడోసారి లెక్క తిప్పాం. తెలిసిన భాగాన్ని కుదించి, ఆ మిగులు సమయాన్ని తెలియని భాగానికి ఇచ్చాం.

- మొదటి మునక: 6 సెకన్లు, 3 షాట్లు. పద్ధతి పూర్తిగా నేర్పుతుంది.
- రెండో మునక: 2.5 సెకన్లు, 1 షాట్. మూత తీయడం లేదు, నేరుగా కర్ర దిగుతుంది.
- మూడో మునక: 7 సెకన్లు, 1 షాట్. అమ్మాయి ముఖం, భుజం మాత్రమే. కర్ర మెల్లగా దిగుతూనే ఉంటుంది. పైకి రాకముందే కట్.

దీనికి శబ్దం తోడైంది. మొదటి మునకలో కర్ర సంపు నోట్లోకి వెళ్లిన 20 ఫ్రేములకి నీటి చప్పుడు, «బుడుంగ్». రెండోదాంట్లో నీళ్లు లోతుకి పోయాయి కాబట్టి 34 ఫ్రేములకి వస్తుంది. మూడోదాంట్లో అసలు రాదు. ఏడు సెకన్లూ చెవి ఆ «బుడుంగ్» కోసం కాచుకుని ఉంటుంది. లొకేషన్‌లో పట్టిన చప్పుడు రెండుసార్లూ దాదాపు ఒకే వ్యవధిలో వచ్చింది, రెండోదాన్ని మేమే వెనక్కి జరిపాం. బొమ్మలో నీళ్లు కనిపించవు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

మిగతా కోత డైలాగుల్లో జరిగింది. పూండి ఎండిపోవడం, కృష్ణా నీళ్లు కండలేరు కాలువలో ఎంతొస్తున్నాయి, లారీ బుకింగ్ గొడవ, అన్నీ కలిపి 5 షాట్లు, 16.5 సెకన్లు. అందులో సమాచారం ఉంది, భయం లేదు. సినిమాలో ఉండాల్సినవి, టీజర్‌లో బరువు. అన్నింటికీ బదులు ఒక్క మాట ఉంచాం. అమ్మాయి కర్ర మీద నాలుగో గీత దగ్గర వేలు పెట్టి అంటుంది: «అమ్మమ్మా, రాత్రి ఇక్కడిదాకా ఉంది.»

లెక్క: మునకల్లో 2.5 సెకన్లు, డైలాగుల్లో 16.5 సెకన్లు, వెరసి 19 సెకన్లు తగ్గాయి.

ఇప్పటిదాకా: 1 నిమిషం 12 సెకన్లు, 29 షాట్లు.

## 4వ దశ: సంగీతం తీసేసి మోటారు పెట్టడం

అప్పటిదాకా కింద నడుస్తున్నది ఒక లైబ్రరీ ట్రాక్. పెద్ద డప్పు దెబ్బలు, సాగే తీగ వాద్యాలు. ప్లాస్టిక్ బిందె క్లోజప్ మీద ధడేల్‌మని దెబ్బ పడేసరికి చూసినవాళ్లు నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, ఆకుపచ్చ బిందెకి అంత ఎంట్రీ ఇస్తే! చిన్న వస్తువు మీద పెద్ద శబ్దం పెడితే వస్తువు పెద్దదవదు, వెటకారమవుతుంది. పైగా లైసెన్సు చూసుకోని ట్రాక్‌తో ఆన్‌లైన్‌లో పెడితే హక్కుల క్లెయిమ్ కూడా పడొచ్చు. తాత్కాలికంగానే కదా అని పెట్టినదానికి ఎడిటింగ్ అంతా అలవాటుపడిపోతుంది, దాన్ని పీకడం కష్టం. మాకు ఒక రోజు పట్టింది.

బదులుగా వాడింది అపార్ట్‌మెంటు నీళ్ల మోటారు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలాంటి మోటారు గుంయ్‌మనే హోరు ప్రధానంగా దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చెన్నై ప్రేక్షకుడి చెవికి అది ఎంత పాత పరిచయమో చెప్పక్కర్లేదు. నీళ్లందక గాలి లాగుతున్నప్పుడు మోటారు గొంతు మారితే ఇంట్లో అందరూ తలెత్తి చూస్తారు. ఆ అలవాటునే వాడుకున్నాం.

చేసిన పద్ధతి:

1. రాత్రి ఒంటిగంట తర్వాత రికార్డింగ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. అంతకుముందు చేసిన రెండు రికార్డింగులూ ఆర్కాట్ రోడ్డు హారన్ల వల్ల పోయాయి. రికార్డర్ మోటారుకి అడుగున్నర దూరంలో, నేల మీద కాకుండా మడిచిన తువ్వాలు మీద. నేల మీద పెడితే అదురు ఎక్కి హోరు బురదబురదగా వస్తుంది.
2. ఏ తేడా లేకుండా నడిచిన 24 సెకన్ల ముక్క కోసుకోవడం. టీజర్‌లో దాని చోటు 19.5వ సెకను నుంచి 43.5 దాకా.
3. Audacityలో `Sliding Stretch`: వేగం మార్పు మొదట్లోనూ చివర్లోనూ సున్నా, స్వరం మొదట 0, చివర 5 సెమీటోన్లు. మొదట 12 పెట్టి చూశాం, మోటారు కాస్తా దోమలా అయిపోయింది. 5 దాటితే వస్తువు గుర్తుపట్టలేం.
4. అదే ముక్కలో శబ్ద స్థాయి 24 సెకన్లలో 9 డెసిబెల్స్ పెరిగేలా గీత. చివరి ఫ్రేములో టక్కున కట్, ఫేడ్ లేదు. కరెంటు పోయినట్టుండాలి.

కట్ తర్వాత నల్ల తెర, నిశ్శబ్దం. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. 2 సెకన్లు పూర్తిగా శూన్యం పెట్టాం, అంటే ఆడియోలో ఏమీ లేదు. ఫోన్‌లో చూసిన ఆరుగురిలో ముగ్గురు వాల్యూమ్ బటన్ నొక్కారు. ఉత్కంఠతో కాదు, ఫోన్ చెడిందేమోనని. అందుకే వ్యవధిని 1 సెకనుకి తగ్గించి, కింద అదే చోట పట్టిన రాత్రి గాలి, పూర్తి స్థాయికి 48 డెసిబెల్స్ కింద, సన్నగా ఉంచాం. చెవికి అది నిశ్శబ్దమే, కానీ బతికున్న నిశ్శబ్దం. ఎవరూ బటన్ జోలికి పోలేదు.

రెండో పొరపాటు, పేరు పడేటప్పుడు పెట్టిన గంభీరమైన దెబ్బ. హెడ్‌ఫోన్‌లో గుండె అదిరింది, ఫోన్‌లో ఏమీ వినపడలేదు. ఆ దెబ్బ 45 హెర్ట్జ్ దగ్గర ఉంది, ఫోన్ చిన్న స్పీకరు అంత కిందికి పలకదు. శబ్దం పెంచితే స్పీకరు గరగర. బలం 250 నుంచి 900 హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దం ఒకటి పైన కలపాలి. వెతకాల్సిన పని లేకుండా సంపు ఇనుప మూత పడే చప్పుడు సరిపోయింది. కింది దెబ్బ అలాగే ఉంది, థియేటర్లో అది పలుకుతుంది. ఫోన్‌లో మూత పలుకుతుంది.

లైబ్రరీ సంగీతం మొదలవ్వడానికని ఉంచిన రెండు షాట్లు (ఆకాశం, భవనం, కలిపి 7 సెకన్లు) ఇక అనవసరం. నిశ్శబ్దంలో తగ్గిన 1 సెకనుతో కలిపి 8 సెకన్లు పోయాయి.

ఇప్పటిదాకా: 1 నిమిషం 4 సెకన్లు, 27 షాట్లు.

## 5వ దశ: పెరిగే భాగం, ఫ్రేముల లెక్క

మోటారు హోరు పెరిగే చోట షాట్లూ పొట్టివవాలి. 13 షాట్లు, 19.5 సెకన్లు ఉన్న భాగం అది. అన్నీ ఒకటిన్నర సెకను చొప్పున, ఎత్తూ పల్లం లేదు.

బయట ఎలా చేస్తారో అంకెల్లో చూడాలంటే, నచ్చిన ట్రైలర్ ఫైలు మీద ఇది నడపండి:

```
ffmpeg -i ref.mp4 -vf "select='gt(scene,0.3)',showinfo" -f null -
```

ప్రతి కట్ దగ్గరా `pts_time` వస్తుంది. పక్కపక్క అంకెల తేడా షాట్ పొడవు. ఒకదాంట్లోంచి ఒకటి కరిగే మార్పుల్ని ఇది తరచూ వదిలేస్తుంది, మెరుపు వెలుగుల్ని కట్ అనుకుంటుంది. అందుకని ఒకసారి కంటితో సరిచూసుకోవాలి.

మేం నిమిషానికి 80 తాళాల లెక్క పెట్టుకున్నాం. సెకనుకు 24 ఫ్రేములైతే తాళానికి ఫ్రేములు = 24 × 60 ÷ 80 = 18. ముందే ఇలా పూర్ణాంకం వచ్చే వేగం ఎంచుకోండి: 60కి 24, 72కి 20, 80కి 18, 96కి 15. 85 లాంటిది తీసుకుంటే ప్రతి కట్ కొద్దికొద్దిగా జారుతూ పోతుంది.

- 4 షాట్లు, ఒక్కోటి 36 ఫ్రేములు: 144
- 6 షాట్లు, ఒక్కోటి 18 ఫ్రేములు: 108
- 8 షాట్లు, ఒక్కోటి 9 ఫ్రేములు: 72

మొత్తం 324 ఫ్రేములు, 13.5 సెకన్లు, 18 షాట్లు. తాళం వినిపించడానికి వాడింది కుళాయి చుక్క చప్పుడు.

పేపర్ మీద బాగుంది, తెర మీద మూడు చోట్ల దెబ్బతింది.

మొదటిది: కట్లు సరిగ్గా చుక్క మీదే పడితే కుట్టుమిషన్‌లా ఉంది. బొమ్మని 2 ఫ్రేములు ముందుకు జరిపాం. బొమ్మ మారుతుంది, వెంటనే చుక్క పడుతుంది. శబ్దం కట్‌ని తోసినట్టు కాక, కొత్త షాట్‌లోనే ఏదో జరిగినట్టు అనిపిస్తుంది.

రెండోది: 9 ఫ్రేముల షాట్లు ఎవరికీ అర్థం కాలేదు. చూసినవాళ్లని ఏం కనపడిందని అడిగితే ఎనిమిదింటిలో మూడు చెప్పగలిగారు. ఆ మూడూ క్లోజప్‌లు. సెకనులో మూడో వంతుకన్నా కాస్త ఎక్కువ సమయంలో కన్ను తెర మీద వెతుక్కోలేదు, ఉన్నచోటే చూస్తుంది. మెట్ల మీద నిలబడ్డ మనిషి వైడ్ షాట్‌లో ఎడమ మూల ఉంటే ఆ షాట్ లేనట్టే లెక్క. వైడ్‌లు తీసేసి క్లోజప్‌లు పెట్టాం: తాళం చెవి, తడి చెప్పు, పైపు నోరు, టార్చి, గీతలున్న కర్ర, వాచ్‌మన్ కన్ను, మీటరు, మూత కొక్కెం. తర్వాత ప్రతిదాంట్లో చూడాల్సిన వస్తువుని తెర మధ్యకి తెచ్చాం. 4కెలో తీసి 1080పిలో ఇస్తున్నాం కాబట్టి రెండింతల దాకా దగ్గరికి లాగినా బొమ్మ చెడదు. ఈసారి ఎనిమిదింటిలో ఆరు చెప్పారు.

మూడోది: తడి చెప్పు షాట్‌ని సగం వేగానికి తగ్గిస్తే బావుంటుందనుకున్నాం. 24 ఫ్రేములతో తీసినదాన్ని సగం వేగంలో ఆడిస్తే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు కనపడుతుంది, కదలిక కుంటుతుంది. మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తే చెప్పు అంచు నీళ్లలోకి కరిగిపోయింది. స్లో మోషన్ కావాలంటే షూటింగ్ రోజే 48 ఫ్రేములతో తీసుకోవాలి. వదిలేశాం.

మీటరు షాట్ కూడా మార్చాల్సి వచ్చింది. కారిడార్ ట్యూబ్‌లైటు కింద 180 డిగ్రీల షట్టర్‌తో తీశారు, అంటే సెకనులో 48వ వంతు. మన లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, రెండూ పొసగక బొమ్మ అలలా వెలిగి తగ్గుతుంది. సినిమాలో పెద్ద షాట్‌లో ఎవరూ పట్టించుకోలేదు, ఇక్కడ 9 ఫ్రేముల్లో వెలుగు మారిపోయి తప్పుడు కట్‌లా కనపడింది. 172.8 డిగ్రీలతో, అంటే సరిగ్గా 50వ వంతుతో తీసిన టేక్ ఇంకొకటి ఉండబట్టి గట్టెక్కాం.

ఇప్పటిదాకా: 58 సెకన్లు, 32 షాట్లు. సినిమాలో 5.8 శాతం.

## 6వ దశ: పేరు, తోక, సబ్‌టైటిల్

పేరు «సంపు» అని తెలుగులో. తోకలో కింద చిన్నగా «నీళ్లు ఎటు పోతున్నాయి?» అని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లోనే టైపు చేస్తే ఒత్తు విడిపోయి పక్కకొచ్చి కూర్చుంది. ఫాంట్లు మార్చుకుంటూ గంటలు పాడుచేసుకోకండి. Inkscapeలో రాసి, వెనక ఏమీ లేని PNGగా తీసి పెట్టుకుంటే అయిపోతుంది. ఒత్తులకి కింద చోటు వదలండి, అంచుకి ఆనించి కోస్తే «ళ్లు» కాస్తా «ళు» అవుతుంది. ఇంతా చేశాక ఆ వాక్యాన్ని తీసేశాం. ప్రేక్షకుడు అప్పటికే అడుగుతున్న ప్రశ్నని మళ్లీ తెర మీద రాస్తే దాని పదును పోతుంది.

వాచ్‌మన్ తమిళంలో ఒక్క మాట అంటాడు: «తణ్ణి ఇన్నిక్కుం వరాదు.» చెన్నై తెలుగువాళ్లకి సబ్‌టైటిల్ అక్కర్లేదు, విజయవాడలో చూసేవాళ్లకి కావాలి. అది మొదట రెండో మునక మీద పడింది. చూపు కింది అక్షరాల మీదకి పోయి, తడి గీతని ఎవరూ చూడలేదు. ఆ మాటని ఖాళీ కుర్చీ షాట్ మీదకి జరిపాం. కుర్చీలో చదవడానికి వేరే ఏమీ లేదు కదా. «ఇవాళ కూడా నీళ్లు రావు» చదివేసి చూపు మళ్లీ పైకొస్తుంది.

తోక దగ్గర చేసిన తప్పు అన్నింటికన్నా పెద్దది. పేరు తర్వాత, సంపులోంచి ఒక చెయ్యి వచ్చి కర్ర పట్టుకునే షాట్ ప్రత్యేకంగా తీసి పెట్టాం. అందరూ ఉలిక్కిపడ్డారు. పడ్డాక నలుగురు అడిగింది «దెయ్యం సినిమానా?» అని. సినిమాలో ఆ చెయ్యి లేదు, దెయ్యమూ లేదు. లేనిది చూపించి పిలిస్తే వచ్చినవాళ్లు 16 నిమిషాలూ ఆ చెయ్యి కోసమే చూస్తారు. తీసేశాం. దాని స్థానంలో 3 సెకన్లు: కారిడార్లో వరసగా ఖాళీ బిందెలు, కదలిక లేదు. పక్కనుంచి, కనపడకుండా, కర్ర సిమెంటు నేలని తాకిన చప్పుడు, «టక్». మూడో మునకలో రాని «బుడుంగ్»కి బదులు అది.

చివరి అమరిక:

1. 0:00 నుంచి 6 సెకన్లు: మొదటి మునక, 3 షాట్లు
2. 11 సెకన్లు: అపార్ట్‌మెంటు, బిందెలు, లారీ, అమ్మమ్మతో మాట, 4 షాట్లు
3. 2.5 సెకన్లు: రెండో మునక, 1 షాట్
4. 10.5 సెకన్లు: అనుమానం, ఖాళీ కుర్చీ, సెక్రటరీ, 4 షాట్లు. మోటారు ఇక్కడ మొదలు
5. 13.5 సెకన్లు: పెరిగే భాగం, 18 షాట్లు
6. 1 సెకను: నల్ల తెర
7. 7 సెకన్లు: మూడో మునక, 1 షాట్
8. 3.5 సెకన్లు: పేరు
9. 3 సెకన్లు: తోక, 1 షాట్

## 7వ దశ: శబ్ద కొలత, ఎగుమతి

```
ffmpeg -i teaser.mov -af ebur128=peak=true -f null -
```

మొదటి కొలతలో టీజర్ మొత్తం మీద సగటు గట్టిదనం −9.8 LUFS, అత్యధిక శిఖరం +0.6 డెసిబెల్స్. శిఖరం సున్నా దాటితే కుదింపులో చిరిగినట్టు వినపడుతుంది. అసలు నష్టం మాత్రం మొదటి అంకెలో ఉంది. YouTube సుమారు −14 దాటిన వీడియోని మొత్తంగా తగ్గించి వినిపిస్తుంది. అంటే మేం మొదటి నుంచీ గట్టిగా పెట్టినందుకు, మూత చప్పుడు కూడా మిగతావాటితో సమానంగా 4 డెసిబెల్స్ దిగిపోతుంది. దెబ్బ గట్టిగా వినపడాలంటే దెబ్బని పెంచి లాభం లేదు, దాని ముందున్నవాటిని దించాలి. మొదటి 30 సెకన్లని 5 నుంచి 6 డెసిబెల్స్ దించి, పెరిగే భాగంలో చుక్కల్ని, మోటారుని కాస్త అణిచి, దెబ్బని అలాగే ఉంచాం. రెండో కొలత −14.2, శిఖరం −1.1. అంకె తగ్గింది, మూత మాత్రం మునుపటికన్నా గట్టిగా పడినట్టుంది.

ఎగుమతికి ముందు మూడు పరీక్షలు: శబ్దం ఆపేసి ఫోన్‌లో, బొమ్మ చూడకుండా చెవితో, రెండూ కలిపి చేయిచాపు దూరంలో. శబ్దం లేకుండా చూసినవాళ్లకి మూడో మునక బలం సగమే అందింది, కానీ ఎర్ర గీతల వల్ల నీళ్లు తగ్గుతున్నాయని అర్థమైంది. కొత్త ఐదుగురిని మొదటి ప్రశ్నే అడిగాం. ముగ్గురు వాచ్‌మన్ అన్నారు, ఒకరు సెక్రటరీ అన్నారు, ఒకరు «ముందు ఆ కర్ర తడిసిందా లేదా చెప్పండి» అన్నారు.

మిగిలిన పనులు: 28వ సెకను దగ్గర సెక్రటరీ పెదవులకీ మాటకీ 2 ఫ్రేముల తేడా, సరిచేయాలి. కాలేజీ హాల్లో ప్రదర్శనకి వేరే మిక్స్, అక్కడ 45 హెర్ట్జ్ దెబ్బని 3 డెసిబెల్స్ తగ్గించి చూడాలి.